ఫిర్యాదు చేసే హక్కు ఎవరిది?

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత నానాజాతి సమితి, జర్మనీ వలసగా ఉన్న నైరుతి ఆఫ్రికాను (నేటి నమీబియా) దక్షిణాఫ్రికా పాలనకు అప్పగించింది. అక్కడి ప్రజల శ్రేయస్సును కాపాడాలన్నది షరతు. దక్షిణాఫ్రికా అక్కడ కూడా వర్ణవివక్షను అమలు చేసింది. సమితిలో పూర్వసభ్యులైన ఇథియోపియా, లైబీరియాలు 1960లో అంతర్జాతీయ న్యాయస్థానంలో దావా వేశాయి.

1966 జులైలో తీర్పు వచ్చింది. న్యాయమూర్తులు ఏడుగురు, ఏడుగురుగా చీలిపోగా, అధ్యక్షుడు పెర్సీ స్పెండర్ నిర్ణాయక ఓటుతో దావా వీగిపోయింది. వర్ణవివక్ష న్యాయమా కాదా అన్న ప్రశ్నలోకి న్యాయస్థానం వెళ్ళనే లేదు. ప్రజల శ్రేయస్సుకు సంబంధించిన బాధ్యత సమితికి బాకీపడినదే కాని, ఏ ఒక్క సభ్యదేశానికీ కాదని, కనుక ఈ రెండు దేశాలకూ అడిగే హక్కు లేదని తేల్చింది.

మామూలు ఒప్పందాల తర్కం ఇదే. ఇద్దరు రాసుకున్న మాట ఆ ఇద్దరినే కట్టివేస్తుంది. దాన్ని ఉల్లంఘిస్తే అడగవలసింది రెండవ పక్షమే. ఇద్దరూ ఒప్పుకుంటే దాన్ని మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు.

ఈ తర్కానికి రెండు వైపుల నుంచి హద్దులు ఏర్పడ్డాయి. 1969 నాటి వియన్నా ఒప్పందం 53వ అధికరణం, దేశాల సమాజమంతా ఉల్లంఘించరానిదిగా గుర్తించిన సూత్రానికి విరుద్ధంగా కుదిరిన ఏ ఒప్పందమైనా చెల్లదన్నది. లాటిన్‌లో దీనికి ‘యూస్ కోగెన్స్’ అని పేరు. బానిసలను సరఫరా చేస్తామని రెండు దేశాలు మనస్ఫూర్తిగా సంతకాలు చేసినా ఆ కాగితానికి విలువ లేదు. మరుసటి ఏడు బార్సెలోనా ట్రాక్షన్ కేసులో న్యాయస్థానం, దురాక్రమణ, జాతి నిర్మూలన, బానిసత్వం, జాతివివక్షల నిషేధం వంటివి సమస్త దేశాలకూ బాకీపడిన బాధ్యతలనీ, వాటి రక్షణలో అన్ని దేశాలకూ న్యాయమైన ఆసక్తి ఉంటుందనీ చెప్పింది. ఇవి ‘ఎర్గా ఓమ్నెస్’ బాధ్యతలు.

ఈ రెండూ తరచు ఒకేచోట కలుస్తాయి కాని ఒకటి కావు. మొదటిది ఏ ఒప్పందం చెల్లదో చెబుతుంది. రెండవది ఎవరు అడగవచ్చో చెబుతుంది.

అడిగే హక్కు ఉన్నంత మాత్రాన న్యాయస్థానం తలుపు తెరుచుకోదు. తూర్పు తైమూర్ సముద్రగర్భ వనరుల మీద ఇండోనేషియాతో ఆస్ట్రేలియా చేసుకున్న ఒప్పందాన్ని పోర్చుగల్ సవాలు చేసింది. స్వయంనిర్ణయాధికారం అందరిపట్లా ఉన్న బాధ్యతేనని 1995లో న్యాయస్థానం ఒప్పుకున్నది. అయినా ఇండోనేషియా చర్యల న్యాయబద్ధతను తేల్చకుండా తీర్పు చెప్పడం అసాధ్యమనీ, ఆ దేశం తన అధికార పరిధిని అంగీకరించలేదనీ పక్కకు తప్పుకుంది.

తలుపు తెరుచుకున్నది 2012లో. చాద్ మాజీ పాలకుడు హిస్సెన్ హబ్రే సెనెగల్‌లో తలదాచుకుంటే, అతన్ని విచారించాలనో అప్పగించాలనో బెల్జియం దావా వేసింది. హింసానిషేధ ఒప్పందంలో ఇద్దరూ సభ్యులే. వివాదాలను న్యాయస్థానానికి తీసుకుపోయే వీలు ఆ ఒప్పందంలోనే ఉంది. బెల్జియం తనకు ప్రత్యేకంగా జరిగిన నష్టమేదీ చూపనక్కర లేదనీ, ఒప్పంద సభ్యత్వమే చాలుననీ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఇథియోపియా, లైబీరియాలకు 1966లో దొరకని హక్కు ఈ రూపంలో నిలబడింది. డకార్‌లో ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2016లో హబ్రేకు యావజ్జీవ శిక్ష విధించింది.