సిల్వర్ స్ప్రింగ్స్‌లో ఒక చదరపు మీటరు

పడవ అడుగున గాజు పలక ఉంది. దాని మీదికి వంగి చూడండి. కింద పొడవాటి పచ్చని ఆకులు ప్రవాహం వాలున ఒకే వైపుకి ఒరిగి మెల్లగా ఊగుతున్నాయి. నీరు ఎంత తేటగా ఉందంటే, లోతు ఎంతో కంటికి అంచనా అందదు. ఇది అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, ఒకాలా పట్టణం దగ్గరి సిల్వర్ స్ప్రింగ్స్. కాలం 1950ల తొలి ఏళ్లు. నేల పొరల్లోంచి ఉబికే ఊట ఇక్కడ పుడుతూనే నదిగా పారుతుంది. ఎండాకాలమైనా చలికాలమైనా నీటి ఉష్ణోగ్రత 23 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. హోవర్డ్ ఓడమ్ అనే శాస్త్రవేత్త ఈ ఊటలో శక్తి ఎటు పోతోందో లెక్క కట్టడానికి పూనుకున్నది ఈ నిలకడ చూసే.

మధ్యాహ్నపు ఎండ నిట్టనిలువుగా దిగుతోంది. ఆ ఆకుల మీద ఒక చదరపు మీటరు మేర కళ్లతోనే గీత గీసుకోండి. మన లెక్కంతా ఆ గడిలోనే, ఒక్క ఏడాదికే. దాని మీద పడే సూర్యశక్తి 17,00,000 కిలో కేలరీలు. అందులో ఆకులు పీల్చుకునేది 4,10,000. దాన్ని పిండిపదార్థంగా మార్చి పట్టి ఉంచగలిగేది 20,810. మిగతాదంతా నీటిని, ఆకును కాస్త వెచ్చబరిచి పోతుంది.

ఒక ఆకును దగ్గరగా చూస్తే పచ్చదనం మీద గోధుమరంగు నూగు కనిపిస్తుంది. వేలితో రాస్తే జిగురుగా తగులుతుంది. అది నాచు. ఈ ఊటలో ఆహారం వండేది సాజిటేరియా అనే ఈ మొక్క ఒక్కటే కాదు, దాని ఆకుల మీద కాపురం పెట్టిన నాచు కూడా. ఈ ఊట శక్తి పిరమిడ్‌లో అడుగు మెట్టు ఈ రెండూ కలిసినదే.

ఇప్పుడు చీకటి పడనివ్వండి. సూర్యుడు పోయాడు, వంట ఆగింది. కానీ ఆకు బతికే ఉంది. కొత్త కణాలు కట్టాలి, పాతవాటిని మరమ్మతు చేయాలి, లవణాలను లోపలికి లాక్కోవాలి. వీటన్నిటికీ పగలు దాచుకున్న చక్కెరనే కరిగిస్తోంది, ఆక్సిజన్ తీసుకుంటోంది. పగలు కూడా ఈ ఖర్చు సాగుతూనే ఉంటుంది, వంట జోరులో అది మనకు కనిపించదంతే.

ఈ ఖర్చును ఎలా పట్టారో చూడాలంటే ఊట నోటి నుంచి వాలుగా దిగి, ప్రవాహంలో కాస్త దూరాన నిలబడాలి. గాజు సీసాను నీటిలో ముంచి, లోపల గాలిబుడగ మిగలకుండా మూత బిగించండి. రెండు రసాయనాలు కలిపితే సీసాలో గోధుమరంగు మడ్డి విరుగుతుంది. ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే మడ్డి అంత ముదురు. ఆమ్లం పోస్తే అది కరిగి పసుపచ్చని అయోడిన్ ద్రావణమవుతుంది. పిండి ద్రావణం వేస్తే నీలమెక్కుతుంది. ఇక థయోసల్ఫేట్‌ను చుక్క చుక్కగా వదలాలి. ఏ చుక్కకు నీలం విరిగిందో అక్కడ ఆపి, ఎంత పట్టిందో చూస్తే నీటిలోని ఆక్సిజన్ తెలుస్తుంది. ఊట నోటి దగ్గర నీటిలో ఆక్సిజన్ రేయింబవళ్లు దాదాపు ఒకే మోతాదు. కాబట్టి దిగువన కనిపించే హెచ్చుతగ్గుకు దారిలోని జీవులే కారణం, గాలితో జరిగే ఇచ్చిపుచ్చుకోలును సరిచేసుకుంటే చాలు. పగటి పెరుగుదల వంటకు గుర్తు, రాత్రి తరుగుదల ఖర్చుకు గుర్తు.

అలా తేలిన లెక్కలో మన గడిలోని మొక్కలు 20,810లో 11,977 కిలో కేలరీలు తమ బతుకుకే వాడేసుకున్నాయి. సగానికి మించి. ఇతర జీవుల నోటికి అందగలిగేది 8,833.

మళ్లీ పగలు. ఒక తాబేలు ఆకుల మధ్యకి దిగి కొసలు కొరుకుతోంది. నత్తలు ఆకు మీద నాచును గీకుతున్నాయి, పురుగుల లార్వాలు అదే పనిలో ఉన్నాయి. తినకుండా వదిలేసినది ఎంత ఉందో చూడండి: తెగిన ఆకు ఒకటి మన కళ్లముందే దిగువకు కొట్టుకుపోయింది. ఇలా ఏడాదిలో 2,500 కిలో కేలరీలు నది వెంట వెళ్లిపోతాయి. రాలి కుళ్లినది, జీర్ణంకాక విసర్జనలో పోయినది బాక్టీరియా పాలు. అన్నీ పోగా శాకాహారులు ఒంటికి పట్టించుకున్నది 3,368. అందులోనూ ఈదడానికి, పాకడానికి, గుండె కొట్టుకోవడానికి 1,890 ఖర్చయింది. కండగా, గుడ్లుగా నిలిచింది 1,478 మాత్రమే.

ఆ 1,890 ఎక్కడికి పోయినట్టు? నీటిలోకి, వేడిగా. శక్తి నశించలేదు, చెదిరిపోయింది. చెదిరిన ఆ వేడిని పోగుచేసి మళ్లీ చక్కెరగా మార్చగల ఆకు గానీ, తాగి బతకగల చేప గానీ లేదు. పోషకాలైతే కుళ్లి మళ్లీ వేరుకు చేరతాయి. శక్తికి అలాంటి తిరుగు దారి లేదు. అందుకే శక్తి పిరమిడ్ ఎన్నడూ తలకిందులు కాదు.

సన్‌ఫిష్ ఒకటి లార్వాను గుటుక్కుమనిపించింది. చిన్న మాంసాహారుల ఒంటికి ఏడాదికి పట్టేది 383, మిగిలేది 67. వేట అంటే తిరుగులాటే, ఆ తిరుగులాటకే ఎక్కువ భాగం చెల్లు. ఆకుల నీడలో కదలకుండా పొంచి ఉన్న బాస్ చేప ఈ సన్‌ఫిష్‌ల కోసమే చూస్తోంది. దాని మెట్టుకు అందేది 21, ఒంట్లో నిలిచేది 6.

నూరు కిలో కేలరీలకు ఒక సెంటీమీటరు చొప్పున గోడ మీద గీయండి. మొక్కల పట్టీ రెండు మీటర్లు దాటుతుంది. శాకాహారులది 34 సెంటీమీటర్లు. సన్‌ఫిష్‌ల మెట్టు నాలుగు సెంటీమీటర్ల లోపే. బాస్ పట్టీ రెండు మిల్లీమీటర్లు. మెట్టుకు మెట్టుకు దాటినది వరుసగా 16, 11, 5 శాతం. బడి పుస్తకాల్లోని పది శాతం ఇలాంటి అంకెలకు దగ్గరి గుండ్రని లెక్కే గానీ ప్రకృతి నియమం కాదు. ఒకే ఊటలో మూడు మెట్లకు మూడు అంకెలు వచ్చాయి చూశారుగా. ఆ తగ్గుదలకు కారణాలు మాత్రం అన్నిచోట్లా అవే మూడు: తినకుండా మిగిలినది, తిన్నా అరగనిది, అరిగినా బతుకుకు కరిగిపోయినది.

పక్క పడవలోని యాత్రికుడొకడు చేపలకు రొట్టెముక్కలు విసురుతున్నాడు. ఓడమ్ దాన్నీ వదల్లేదు: బయటి నుంచి వచ్చిన ఆ శక్తి చదరపు మీటరుకు ఏడాదికి 486 కిలో కేలరీలు. చిన్న మాంసాహారుల మెట్టంతా కలిపి పొందే 383 కంటే ఎక్కువ. వచ్చినదంతా కూడితే 20,810కి ఈ 486 కలిసి 21,296. పోయినది చూస్తే, అన్ని జీవుల శ్వాసక్రియలో వేడిగా 18,796, దిగువకు కొట్టుకుపోయినది 2,500. అదీ 21,296 అయింది.

చివరగా మీరే ఈ గొలుసులో చేరారనుకోండి. రోజుకు 2,000 చొప్పున ఏడాదికి 7,30,000 కిలో కేలరీలు కావాలి. ఏటా పెరిగినదాన్ని ఒక్క పిసరు వదలకుండా తినగలరనే అనుకుందాం. ఆకులూ నాచూ అరిగించుకోగలిగితే రెండు సెంట్ల ఊట చాలు. తాబేళ్లు, నత్తలు తింటే పన్నెండు సెంట్లు. సన్‌ఫిష్ తింటే రెండు ముప్పావు ఎకరాలు. బాస్ చేపలే కావాలంటే ముప్పై ఎకరాల ఊట మీ ఒక్కరికే కావాలి.