ఏడాది మాస్టర్స్ లేక రెండేళ్ల థీసిస్ మాస్టర్స్: సింగరేణి బిడ్డలు ఎలా తేల్చుకోవాలి?

గోదావరిఖనిలో ఒక కాంట్రాక్ట్ కార్మికుడి కూతురు మంథని జేఎన్‌టీయూ కాలేజీలో మైనింగ్ బీటెక్ పూర్తి చేసిందనుకుందాం. ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఓబీ డంపులు ఎందుకు జారిపోతాయో పరిశోధించాలని ఆమె కోరిక. ఆమె ముందు రెండు దారులున్నాయి. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీకి చెందిన క్యాంబోర్న్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో ఏడాది ఎమ్మెస్సీ ఒకటి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో దాదాపు రెండేళ్లు పట్టే థీసిస్ మాస్టర్స్ రెండోది.

ముందు లక్ష్యం

సింగరేణిలో గని మేనేజర్ కావడమే లక్ష్యమైతే విదేశీ డిగ్రీ కీలకం కాదు. దానికి కావాల్సింది గనిలో అనుభవం, డీజీఎంఎస్ ఇచ్చే ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్. కన్సల్టెన్సీలో డిజైన్ ఉద్యోగం కావాలంటే ఏడాది కోర్సు సరిపోవచ్చు. మన ఉదాహరణలోని అమ్మాయికి కావాల్సింది పీహెచ్‌డీ కాబట్టి క్యాలెండర్ చూడాలి.

బ్రిటన్ ఏడాది కోర్సు సెప్టెంబర్‌లో మొదలవుతుంది. ప్రాజెక్టు పని ఎక్కువగా వేసవిలో జరుగుతుంది. కానీ చాలా చోట్ల పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు డిసెంబర్, జనవరిలోనే ముగుస్తుంది. అప్పటికి ఆమె చేతిలో థీసిస్ ఉండదు. ఆమె పరిశోధన చూసి సిఫారసు లేఖ రాయగల ప్రొఫెసర్ ఉండడు. ఏడాది ఖాళీగా ఆగాల్సి రావచ్చు. రెండేళ్ల కోర్సులో రెండో డిసెంబర్ నాటికి ఏడాది పని చేతిలో ఉంటుంది.

డబ్బు లెక్క

తెలంగాణ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి రూ.20 లక్షల వరకు ఇస్తుంది. కోర్సు రెండేళ్లదైనా ఆ మొత్తం పెరగదు. పైగా మొదటి విడత అక్కడికి చేరాకే, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. అంటే వీసా, టికెట్, మొదటి ఫీజు ముందు మనమే సర్దుకోవాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.5 లక్షలు దాటకూడదు. పర్మినెంట్ కార్మికుడి జీతం సాధారణంగా దీన్ని దాటుతుంది. ఆ ఇంటి పిల్లలు రూ.8 లక్షల పరిమితి ఉన్న కేంద్ర నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ చూడాలి.

కెనడా థీసిస్ కోర్సుల్లో ప్రొఫెసర్ ప్రాజెక్టు నుంచో, టీచింగ్ అసిస్టెంట్ పని నుంచో నెలనెలా కొంత వస్తుంది. అయితే సీటు రావాలంటే గైడ్‌గా ఒప్పుకునే ప్రొఫెసర్ దొరకాలి. అందుకే దరఖాస్తుకు నెలల ముందే రాయాలి. ఎంత ఇస్తారో, ఎన్ని నెలలో ఆఫర్ లెటర్‌లో రాతపూర్వకంగా లేకపోతే ఆ డబ్బు ఉన్నట్టు లెక్కేయకండి.

డాక్టర్ అంబేద్కర్ బరోడా స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా వెళ్లారు. గడువు ముగియడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చారు. డీఎస్సీ చేతికొచ్చింది 1923లో. అందుకే కోర్సు కాలాన్నీ స్కాలర్‌షిప్ కాలాన్నీ పక్కపక్కన రాసి చూసుకున్నాకే సంతకం చేయండి.