కోవా ఇసుకలా ఎందుకు మారుతుంది? పాల చక్కెర, వెన్న, గరిటె చేసే పని

పండక్కి గంటన్నర పొయ్యి దగ్గర నిలబడి పాలకోవా చేస్తారు. దించినప్పుడు వెన్నలా జారుతుంది. మర్నాడు అతిథుల ముందు పెట్టేసరికి నోట్లో ఇసుకలా కరకరమంటుంది. ‘ఇక్కడి పాలే అంతలే’ అని సరిపెట్టుకుంటాం. అందులో కొంత నిజముంది. కానీ అసలు తేడా చాలాసార్లు పొయ్యి కట్టేశాక జరుగుతుంది.

పాలలో సహజంగా ఉండే చక్కెర పేరు లాక్టోజ్. లీటరు పాలలో ఇది సుమారు 48 గ్రాములు ఉంటుంది. ఆ పాలను కోవాగా మరిగిస్తే దాదాపు 170 గ్రాముల ముద్ద వస్తుంది. అందులో మిగిలే నీరు సుమారు 50 గ్రాములే. వేడిగా ఉన్నంతసేపు ఆ కాస్త నీటిలోనే లాక్టోజ్ అంతా కరిగి ఉండగలదు. చల్లారాక మాత్రం 10 గ్రాముల వరకే కరిగి ఉంటుంది. మిగతాది పలుకులు కట్టక తప్పదు.

అంటే పలుకులు రాకుండా ఎవరూ ఆపలేరు. వాటిని నాలుకకు తెలియనంత చిన్నవిగా ఉంచడమే మన చేతిలో ఉంది. గిన్నెలో కదపకుండా వదిలేసిన కోవా నెమ్మదిగా చల్లారుతుంది. అప్పుడు కొద్దిపాటి పలుకులే పుట్టి, మిగతా లాక్టోజ్‌నంతా లాక్కుని పెద్దవవుతాయి. త్వరగా చల్లారుస్తూ కలిపితే లెక్కలేనన్ని పలుకులు ఒకేసారి పుడతాయి. ఉన్న లాక్టోజ్ అన్నిటికీ పంచుకోవాలి కాబట్టి ఏదీ పెద్దది కాదు. డబ్బాల్లో వచ్చే కండెన్స్‌డ్ మిల్క్ నున్నగా ఉండడానికి కూడా ఫ్యాక్టరీలో చేసేది ఇదే.

ఇక వెన్న సంగతి. ఊళ్లో గేదె పాలలో వెన్న 6, 7 శాతం ఉంటుంది. అమెరికాలో హోల్ మిల్క్ అని అమ్మే ఆవు పాలలో ఉండేది 3.25 శాతమే. పాల మాంసకృత్తుల మధ్య వెన్న చేరి ముద్దను మెత్తగా ఉంచుతుంది, పలుకుల గరుకును నాలుకకు అంతగా తెలియనివ్వదు. వెన్న తక్కువైతే కోవా గట్టిపడి పొడిపొడిగా అవుతుంది. వెన్న తీసిన పాలపొడిలో సగం లాక్టోజే ఉంటుంది. దానితో చేసే ‘పది నిమిషాల కోవా’ తరచూ ఇసుకలా మారడానికి కారణం అదే.

హాఫ్ గ్యాలన్ హోల్ మిల్క్‌తో ఇలా చేసి చూడండి. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో పాలు, అరకప్పుకు కాస్త తక్కువగా హెవీ క్రీమ్ పోయండి. దీంతో వెన్న 5 శాతం దాకా వస్తుంది. మొదట మధ్యస్థం మంట మీద, మీగడ కట్టకుండా, అడుగంటకుండా కలుపుతూ మరిగించండి. జావలా చిక్కబడ్డాక అరకప్పు పంచదార వేయండి. ముద్ద అయ్యాక వేస్తే అది కరగడానికి నీరు చాలదు. ఇక మంట తగ్గించి, గరిటెతో అడుగును నెమ్మదిగా గీరుతూ తిప్పండి. ఈ దశలో గట్టిగా రుద్ది కలిపినా, మంట పెంచినా వెన్న విడిపోయి గిన్నె అంచున నూనెలా తేలుతుంది. మిగిలిన ముద్ద రవ్వరవ్వగా అవుతుంది.

గిన్నె అంచును వదులుతూ, ముద్ద ఇంకా కాస్త జారుడుగా ఉండగానే దించండి. చల్లారాక మరింత గట్టిపడుతుంది. వెంటనే గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో ఉంచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆపకుండా కలపండి. చాలామంది వదిలేసేది ఈ పది నిమిషాలే.

అయినా గరుకుగా వచ్చిందా? కొంచెం నాలుక మీద ఉంచుకోండి. ఇసుకలా తగిలి నెమ్మదిగా కరిగిపోతే అది లాక్టోజ్. నాలుగైదు చెంచాల పాలు కలిపి, సన్న మంట మీద పలుకులు కరిగేదాకా వేడిచేసి, మళ్లీ చిక్కబరిచి, కలుపుతూ చల్లారిస్తే బాగుపడుతుంది. ఎంతకీ కరగకుండా మెత్తని రవ్వలా పంటికి తగిలితే, పాలు కాస్త పులిసి విరిగాయని అర్థం. అది మళ్లీ నున్నబడదు. దాన్ని కలాకంద్‌గా మార్చుకోండి. కలాకంద్‌కు కావాలనే కాస్త పులుపు వేసి ఆ రవ్వ తెప్పిస్తారు.

కోవాను ఫ్రిజ్‌లోంచి పదేపదే బయటికి తీసి పెడుతుంటే కొంత లాక్టోజ్ కరిగి, మళ్లీ ఉన్న పలుకుల మీదే పేరుకుంటుంది. అందుకే రోజులు గడిచేకొద్దీ గరుకు పెరుగుతుంది. చిన్న డబ్బాల్లో సర్ది, ఏ పూటకు కావలసింది ఆ పూటే తీసుకోవడం మేలు.