పాలెం వేంకటేశ్వరాలయ సేవకుడు: ఒక మిత్రుని సంస్మరణ

పాలమూరు నుండి భూత్పూరు, బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలునకు పోవు బాటలో నున్న పాలెం గ్రామమున శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయముతో పెనవైచుకొని ఒక విద్యాకేంద్రము వెలసినదనగా, దానికి మూలపురుషుడు జనులు పాలెం సుబ్బయ్యగారని ప్రేమతో పిలుచుకొనిన తోటపల్లి సుబ్రహ్మణ్యశర్మగారు. దేవుని గుడియు, పిల్లల బడియు వేరు వేరు కార్యములు కావని నమ్మిన ఆ మహనీయుని పట్టుదలచేతనే ఈ పల్లెకు ప్రాచ్య కళాశాల మొదలగు సంస్థలు లభించినవి. ఆ కళాశాలలో అధ్యాపకులై యుండిన కపిలవాయి లింగమూర్తిగారు పాలమూరు సీమ ఆలయముల చరిత్రను గ్రంథస్థము చేసిన సంగతి పాఠకులెఱిగినదే. స్థాపకుల చరిత్రమును, పండితుల చరిత్రమును వ్రాయుటకు ఈ ప్రత్యేక సంచికలో సమర్థులు పలువురు కలరు. నాకు అప్పగింపబడినది వేఱొక పని. ఏ శిలాఫలకముమీదను పేరు లేక, ఏ పదవియు వహింపక, యౌవనమునుండి వార్ధక్యము వఱకు ఈ గుడి పనులు చేసి ఇటీవల కీర్తిశేషుడైన మా మిత్రునిగూర్చి సంతాపసభలో నేను పలికిన మాటలను ఇక్కడ కొంత విస్తరించి వ్రాయుచున్నాను. పేరు ప్రకటించుట ఆయనకు కిట్టెడిది కాదు గనుక ఇక్కడను దానిని విడిచితిని.

గతించినవారిని దేవాలయముతో ముడివైచి స్మరించుట ఈ సీమకు క్రొత్తగాదు. ఇదే బాటలోని బూదపురమున, నేటి భూత్పూరున, గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక తన భర్తయైన మల్యాల గుండదండాధీశుని పేర గుండేశ్వరుని ప్రతిష్ఠించి 1276లో శాసనము వేయించెను. ఆ శాసనము వేయించిన రాణియు, ఎవని పేర గుడి వెలసెనో ఆ దండనాథుడును మనకు తెలియుదురు. ఆ గుడిలో నీళ్లు మోసినవాడు, గంగాళములు తోమినవాడు తెలియరు. రాతిపై చెక్కుటకు వారి పనిలో వీరగాథ లేదు గదా! అయినను ఆ పని ఎట్లు చేయబడెనో తెలిసికొనుట మిగిలినవారికి అవసరము; ఏలయన రేపు దానిని చేయవలసినవారు వారే.

మా మిత్రుని పనులలో నేను మొదట చెప్పదగినది ముక్కోటి ఏకాదశి పాత్రల సంగతి. స్వామికి నివేదింపబడు ప్రసాదమును అర్చకస్వాములే మడితో వండుదురు. భక్తులకు పంచు పులిహోరకు కావలసిన పాత్ర, నీరు, కట్టె, చింతపండు మాత్రము బయటివారు సమకూర్పవలెను. నివేదనకు ముందు రుచి చూడరాదు గనుక ఉప్పు, పులుపు నాలుకకు గాక తూనికకు అధీనములు. పది కిలోల బియ్యమునకు కిలో చింతపండు, ఇంచుమించు మూడువందల గ్రాముల ఉప్పు అని ఆయన తన లెక్కను వంటగది గోడపై బొగ్గుతో వ్రాసి యుంచెను. కాని తూనిక సరియైనను పాత్ర సరికానిచో పులిహోర చెడును. కళాయి పోయిన ఇత్తడిపై చింతపులుసు నిలిచినచో చిలుమెక్కును, రుచి మారును, తిన్నవారికి వాంతులగును. అందుచేత ధనుర్మాసము మొదలగుటకు ముందే గంగాళములన్నిటిని వాకిట వెలుగులోనికి తెచ్చి, వెల్లకిల పెట్టి, లోపల వ్రేలితో తడిమి చూచెడివాడు. లోపలి తెలుపుదనము చెదరి అడుగున పసుపురంగు తొంగిచూచుచున్నచో దానిని ప్రక్కకు తీయుట, కళాయివానిని పిలిపించుట ఆయన నియమము.

కళాయి వేయుచున్నప్పుడు కూడ ఆయన కదలెడివాడు కాడు. తోమిన పాత్రను వేడిచేసి, నవాసారము చల్లి, కరగిన తగరమును దూదితో అంతట పూయుచుండగా, అడుగు మూలలలో పూత అంటినదో లేదో చూచెడివాడు. అక్కడనే మొదట అరుగును. తగరము 232 డిగ్రీల వేడికే కరగును గనుక ఖాళీ పాత్రను పొయ్యిపై పెట్టినచో పూత కారిపోవును, నీరుపోసిన పిమ్మటనే మంట పెట్టవలెనని చిన్నవారికి నేర్పెను. పోపునకై కాచిన నూనె వేడి నీటి వేడి వంటిది కాదు గనుక పోపును వేఱుగా ఇనుప బాణలిలోనే వేయించెడివాడు. ఒక ముక్కోటి ముందునాటి సాయంకాలము, ఉన్న పెద్ద పాత్రలలో ఒకదాని అడుగున పసుపురంగు తేలియుండెను, కళాయివాడు దొరకలేదు. ఒక్క పూటకేమగునని చాలమంది అనగా, ఆయన, "కళాయి పోయిన గంగాళంల పులుసు పోస్తె దేవుడు తింటడా, మనం తింటమా?" అని, ఆ పాత్రను నీళ్ల కొఱకు మళ్లించి, ఊరిలో ఇంటింటనుండి చిన్న పాత్రలు అడిగి తెచ్చి, రాత్రియంతయు విడివిడిగా వండించెను. పని రెండింతలైనది, మఱునాటి ప్రసాదమున దోషము రాలేదు.

రెండవది పల్లకీ సేవ. ఊరేగింపు వేళ ప్రతివాడును భుజము పెట్టవలెనని ముందుకు వచ్చును. ఆ ఉత్సాహమే ప్రమాదహేతువు. పొట్టివాడు పొడుగువాని ప్రక్కన నిలిచినచో బరువు సమముగా పడక పల్లకి ఒరగును. మా మిత్రుడు బరువెత్తకముందు మోయువారిని వరుసగా నిలిపి, తలలు గాక భుజములు కొలిచి, సమానమైనవారిని జంటలుగా కట్టి, దండె క్రింద మడిచిన గుడ్డ పెట్టించెడివాడు. త్రాడు ముడులను గుడి వాకిటనే ఒకసారి లాగి చూచెడివాడు. ఒక ముడి కదలినచో మూడు ముడులను విప్పించి మరల కట్టించెడివాడు. వీధి మలుపులో బయటివైపువారు ఎక్కువ దూరము, లోపలివైపువారు తక్కువ దూరము నడువవలసియున్నది గదా! అందఱు ఒక్క వేగమున నడచినచో దండె మెలిపడును. అప్పుడాయన ముందు వెనుకకు నడచుచు, "బయటోళ్లు నడువుండ్రి, లోపటోళ్లు మెల్లగ!" అని ఒక్క గొంతుతో పలికెడివాడు. ఆ గొంతు వినబడునంతవఱకు వేఱొకడు ఆజ్ఞ ఇయ్యరాదని ఆయన పట్టు. ఆజ్ఞ ఇచ్చువాడు ఒక్కడే కానిచో అడుగు తప్పునని ఆయనకు అనుభవమువలన తెలియును.

మిత్రుని పొగడుచు లోపములను మఱుగుపఱచుట ధర్మము కాదు. ఆలస్యముగా వచ్చినవానిని నలుగురిలో గద్దించుటచేత సేవకు వచ్చిన చిన్నవారు కొందఱు తిరిగి రాలేదు. అంతకు మించినది, గోడపైని ఆ రెండు తూనికలు తప్ప తన నేర్పునంతయు తన తలలోనే ఉంచుకొనుట. నాతో వాదమువచ్చినపుడు, "నేనున్నంక బుక్కెందుకు?" అనెడివాడు. ఆయన మంచము పట్టిన యేడు గంగాళముల పరీక్ష జరుగక మూడు పాత్రలు చిలుమెక్కి దొరకినవి. అప్పుడు గాని వ్రాతలోని విలువ మాకు తెలియలేదు.

ఆలయ నిర్వాహకులకు నా విన్నపము చిన్నది. ఆయన పేర బల్ల కొట్టించుటకు ముందు, ప్రసాద భాండారమున ఒక పుస్తకము పెట్టుడు. అందు కళాయి వేయించిన తేది, తీసిన పాత్ర, తూనికల పట్టిక, పల్లకీ జంటల అమరిక, త్రాళ్లు మార్చిన దినము వ్రాయబడవలెను. మొదటి పుటలో నేను ఇక్కడ చెప్పిన సంగతులనే ఎక్కించుటకు సిద్ధముగా నున్నాను. మోయువారిలో ఇద్దఱు యువకులు ఆయనవద్ద మలుపు నేర్చినవారు కలరు. వచ్చు ముక్కోటికి వారికే ఆజ్ఞ అప్పగించి, ఎవడు పలుకవలెనో ముందే నిశ్చయించుకొనవలెను.