సత్యం: పేరు మారింది, బాకీ మారలేదు

2009 జనవరి 7న రామలింగరాజు లేఖ వెలువడింది. బ్యాంకుల్లో ఉన్నట్లు లెక్కల్లో చూపిన నగదులో రూ.5,040 కోట్లు లేనేలేవని ఆయనే ఒప్పుకున్నారు. కేంద్రం పాత బోర్డును తొలగించి కొత్తవారిని నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు రూ.58 చొప్పున వేలం గెలుచుకుని, జూన్‌లో సంస్థను ‘మహీంద్రా సత్యం’ అని పిలవడం మొదలుపెట్టింది.

గమనించండి, ‘సత్యం’ పోలేదు. విదేశీ ఖాతాదారులకు తెలిసిన పేరు అదే. కొత్తగా కావలసింది దాని ముందు నిలిచే యజమాని పేరు. కుదురు తెచ్చిందీ ఆ యజమానే, అక్షరాలు కావు. చట్టం దృష్టిలో కంపెనీ పాతదే: పేరు మార్పుతో బాధ్యతలు రద్దు కావు. అందుకే అమెరికా మదుపరుల దావా కొత్త బోర్డును వెన్నాడింది, 2011లో 12.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 2013లో విలీనమయ్యాకే ‘సత్యం’ కనుమరుగైంది.

అక్షరాలు తిరగేసి పెట్టుకున్న ‘మేటాస్’ ఇన్‌ఫ్రా కథ మరీ విచిత్రం. కొత్త యజమాని ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ దానికి తన పేరే తగిలించింది. 2018లో ఆ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ స్వయంగా బాకీలు తీర్చలేక కూలింది. కేంద్రం మళ్లీ బోర్డును మార్చవలసి వచ్చింది.