లేమి పొర

మెదక్ వంటి చోట్ల తెలుగు మాధ్యమంలో ఇంటర్ ద్వితీయ సంవత్సరం భౌతికశాస్త్రం చదివేవారికి అర్ధవాహకాల పాఠంలో ఎదురయ్యే ‘లేమి పొర’, పేదరికాన్ని సూచించే వాడుక మాట ‘లేమి’ని ‘డిప్లీషన్ లేయర్’కు అన్వయించగా ఏర్పడింది. ఇక్కడ కరవైనవి పరమాణువులు కావు, స్వేచ్ఛగా కదిలే ఎలక్ట్రాన్లూ రంధ్రాలూ మాత్రమే. మాదీకరణంలో, అంటే శుద్ధ అర్ధవాహకానికి మలినాలను స్వల్పంగా చేర్చడంలో, వచ్చిన పరమాణువులు అయాన్లుగా కదలకుండా అక్కడే ఉంటాయి.

బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తడబాటు కలిగేది వెడల్పు దగ్గరే. పి-ఎన్ సంధి అవరోధ పొటెన్షియల్ 0.7 వోల్టులైనప్పుడు 2.1 వోల్టుల తిరోశక్మం, అంటే వ్యతిరేక వోల్టేజి, ఇస్తే మొత్తం 2.8 వోల్టులై నాలుగింతలవుతుంది గాని, మాదీకరణం హఠాత్తుగా మారే సంధిలో వెడల్పు వర్గమూలాన్ని అనుసరించి రెండింతలే అవుతుంది. తిరోశక్మంలో ప్రవాహం అల్పసంఖ్యాక వాహకాలదే కనుక భంజన వోల్టేజి వరకు దాదాపు స్థిరంగా ఉంటుంది. పురోశక్మంలో పొర సన్నబడి, ప్రవాహం ఘాతీయంగా పెరుగుతుంది.