x² − 2y² = 1: చిన్న జవాబు ఒక్కటి దొరికితే చాలు

ఒక సంఖ్య వర్గాన్ని రెట్టింపు చేసి ఒకటి కలిపితే మళ్లీ ఒక పూర్ణవర్గమే రావాలి. x² − 2y² = 1 అనే సమీకరణం అడిగేది ఇదే. భారతీయ గణితంలో ఈ తరహా సమీకరణాలను ‘వర్గప్రకృతి’ అన్నారు. యూరప్‌లో వీటికి ‘పెల్ సమీకరణం’ అనే పేరు స్థిరపడింది. x = 1, y = 0 ఎలాగూ సరిపోతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు.

మిగిలిన వాటిలో అతి చిన్న జవాబు కోసం y విలువను 1 నుంచి పెంచుతూ 2y² + 1 ఎంతో చూడాలి. y = 1 అయితే 3 వస్తుంది; అది వర్గం కాదు. y = 2 అయితే 9, అంటే 3². కాబట్టి మొదటి జవాబు (3, 2).

ఇక వెతకక్కర్లేదు. రెండు జవాబులను కలిపి మూడోది రాబట్టే ‘భావన’ పద్ధతిని బ్రహ్మగుప్తుడు 628లో ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో చెప్పాడు. ఏదైనా జవాబు (x, y)ని (3, 2)తో కలిపితే వచ్చేది ఇది:

(3x + 4y, 2x + 3y)

వీటిని వర్గం చేసి తీసివేస్తే 24xy పదాలు కొట్టుకుపోయి, మళ్లీ x² − 2y² మిగులుతుంది. అంటే విలువ 1గానే ఉంటుంది. ఇలా (3, 2) నుంచి (17, 12), దాని నుంచి (99, 70), ఆపై (577, 408) వస్తాయి. సరిచూస్తే 99² = 9801, 2 × 70² = 9800.

మొదలుపెట్టే జవాబు అతి చిన్నదే కావాలి. (17, 12)ను దానితోనే కలిపితే నేరుగా (577, 408) వస్తుంది. మధ్యలోని (99, 70) జారిపోతుంది. (3, 2)తో మొదలుపెడితే ధన పూర్ణాంక జవాబు ఒక్కటీ తప్పిపోదు.

ఈ జంటల్లో xను yతో భాగిస్తే √2కు అంతకంతకూ దగ్గరవుతుంది. శుల్బసూత్రాలు √2కు ఇచ్చిన విలువ సరిగ్గా 577/408. అసలు విలువతో దాని తేడా ఆరో దశాంశ స్థానంలో గానీ కనిపించదు.